షేరు ముక్కలైతే విలువ పెరుగుతుందా?

2024 అక్టోబరు 28, సోమవారం. మార్కెట్ తెరిచేసరికి హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ షేరు పన్నెండు వందల పైచిలుకు ధరలో కనిపించింది. శుక్రవారం సాయంత్రం అదే షేరు ఆరు వేల పైన ఉంది. ఆ రెండు రోజుల్లో కంపెనీకి ఏ ముప్పూ రాలేదు. 5 రూపాయల ముఖ విలువ ఉన్న ఒక్కో షేరును 1 రూపాయి ముఖ విలువతో ఐదు షేర్లుగా విడగొట్టింది, అంతే. పది షేర్లున్నవాళ్లకు ఇప్పుడు యాభై ఉన్నాయి. ఒక్కోదాని ధర ఐదో వంతైంది. రెండూ హెచ్చవేస్తే వచ్చే మొత్తం మాత్రం మారలేదు.

దీన్నే స్ప్లిట్ అంటారు. ముఖ విలువ అంటే కంపెనీ మూలధనం లెక్కల్లో షేరుకు రాసుకునే అంకె. బజారులో షేరు పలికే ధరకూ దానికీ సంబంధం లేదు. డాక్టర్ రెడ్డీస్‌కు అంతకుముందు సుమారు 16.7 కోట్ల షేర్లుండేవి, విడగొట్టాక 83 కోట్ల పైచిలుకు అయ్యాయి. వాటిని ముఖ విలువతో హెచ్చవేసి చూడండి, మూలధనం ముందూ తర్వాతా 83 కోట్ల రూపాయల పైచిలుకే. బాచుపల్లిలో తయారయ్యే మందులు అవే, అమెరికాలో అమ్మకాలు అవే, బ్యాంకులో ఉన్న నిల్వ అదే. పొలంలో నాలుగు గట్లు అదనంగా వేసినంత మాత్రాన పంట పెరగదు కదా, ఇదీ అంతే.

నమ్మకం కుదరకపోతే డివిడెండ్ చూడండి. 2023-24కు డాక్టర్ రెడ్డీస్ షేరుకు 40 రూపాయలిచ్చింది. మరుసటి ఏడాదికి 8 రూపాయలిచ్చింది. పైపైన చూస్తే కంపెనీ చేయి బిగించినట్టే ఉంటుంది. కానీ పాత షేరు ఒకటి ఇప్పుడు ఐదు షేర్లు, ఐదెనిమిదులు నలభై. వాటాదారుకు అందిన డబ్బు పైసా తేడా లేకుండా అంతే.

లెక్క ఇంత సూటిగా ఉన్నా జనం ఇబ్బంది పడేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. మన దేశంలో ముఖ విలువ మారితే షేరుకు కొత్త ఐఎస్ఐఎన్ నంబరు వస్తుంది. పాత నంబరు కింద ఉన్న షేర్లను డీమ్యాట్ ఖాతాలోంచి తీసేసి, కొత్త నంబరు కింద పెరిగిన సంఖ్యను వేస్తారు. ధర మాత్రం మొదటి నిమిషం నుంచే కొత్తది. షేర్లు ఖాతాలో పడేదాకా ఫోన్‌లోని యాప్ పాత సంఖ్యను కొత్త ధరతో హెచ్చవేసి, ఎనభై శాతం నష్టమని ఎర్ర అక్షరాల్లో చూపించవచ్చు. 2025 జూన్ 16న బజాజ్ ఫైనాన్స్ విషయంలో ఇది ఇంకా పెద్దగా కనిపించింది. ఆ కంపెనీ ఒక షేరుకు నాలుగు బోనస్ ఇచ్చి, అదే రోజున ఒక్కో షేరును రెండుగా విడగొట్టింది. అలా ఒకటి పదైంది. తొమ్మిది వేల పైన ఉన్న ధర తొమ్మిది వందల పైకి వచ్చేసరికి కొన్ని తెరల మీద తొంభై శాతం పతనంలా కనిపించింది. ఇలాంటప్పుడు కంగారుపడి అమ్మకానికి పెట్టకుండా, కంపెనీ ఎక్స్ఛేంజీకి ఇచ్చిన ప్రకటనలో రికార్డు తేదీ చూస్తే చాలు. ముందే పెట్టుకున్న స్టాప్ లాస్ ఆర్డర్లుంటే వాటిని బ్రోకర్ రద్దు చేశాడా లేదా అన్నది కూడా ఆ రోజుకు ముందే చూసుకోవాలి.

మరి కంపెనీలు ఎందుకు విడగొడతాయి? ఆరు వేలు పెట్టలేని చిన్న మదుపరి పన్నెండు వందలు పెట్టగలడు. కొనుగోళ్లూ అమ్మకాలూ కొంత సులువవుతాయి. ఆ ఉపయోగం నిజమే, దాన్ని కాదనను. నా అభ్యంతరమల్లా ‘వందకే దొరుకుతోంది, చవక’ అనే మాట మీద. మద్రాసు టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ షేరు 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటింది. దాని షేర్లు నాలుగు వందల కోట్లు కావు, అర కోటి కూడా లేవు. అందుకే ఒక్కోదాని ధర అంత. షేరు చవకో ఖరీదో తెలియాలంటే దాని ధరను ఆ షేరు వంతుకు వచ్చే లాభంతో పోల్చాలి. స్ప్లిట్ ఆ రెండింటినీ ఒకే లెక్కన తగ్గిస్తుంది కాబట్టి ఆ నిష్పత్తి కదలదు. స్ప్లిట్ ప్రకటన రాగానే ధర ఎగబాకితే, ఆ ఎగబాకడానికి కంపెనీలో కారణం వెతకడం వృథా.

బైబ్యాక్ సంగతి ఇంత తేలిక కాదు. ఇక్కడ నిజంగానే డబ్బు చేతులు మారుతుంది. కంపెనీ తన ఖజానాలోని సొమ్ముతో తన షేర్లనే వాటాదారుల నుంచి కొని, చట్టం ప్రకారం వాటిని రద్దు చేస్తుంది. ఇన్ఫోసిస్ 2025 సెప్టెంబరు 11న ప్రకటించిన బైబ్యాక్‌ను తీసుకుందాం. షేరుకు 1,800 రూపాయల చొప్పున 10 కోట్ల షేర్లు, మొత్తం 18,000 కోట్ల రూపాయలు. అప్పటికి మార్కెట్లో ధర సుమారు 1,510. కంపెనీకి ఉన్న షేర్లు దాదాపు 415 కోట్లు. ప్రమోటర్లు తమ షేర్లు ఇవ్వబోమని చెప్పారు.

మార్కెట్ పెట్టిన 1,510 ధర సరైనదే అనుకుని లెక్క వేద్దాం. 415 కోట్ల షేర్లను దానితో హెచ్చవేస్తే కంపెనీ మొత్తం విలువ సుమారు 6,26,650 కోట్లు. అందులోంచి 18,000 కోట్లు బయటికి వెళ్లాయి. మిగిలింది 6,08,650 కోట్లు, మిగిలిన షేర్లు 405 కోట్లు. భాగిస్తే షేరుకు సుమారు 1,503 రూపాయలు. చాలామంది ఊహకు ఇది భిన్నంగా ఉంటుంది. షేర్లు తగ్గాయి కాబట్టి మిగిలినవాటి విలువ పెరగాలని అనుకుంటాం, ఇక్కడ ఏడు రూపాయలు తగ్గింది. కారణం కంటికి కనిపిస్తూనే ఉంది. కంపెనీ 1,510 సరుకును 1,800 పెట్టి కొంది. ఆ అదనపు 290 రూపాయలు షేర్లు ఇవ్వకుండా ఉండిపోయినవాళ్ల వాటాలోంచే వెళ్లాయి. అదే 1,510కి కొని ఉంటే మిగిలిన షేరు విలువ 1,510 దగ్గరే నిలిచేది. షేరు అసలు విలువ 2,200 అని నమ్మేవాళ్ల లెక్కలో మాత్రం 1,800కు కొనడం ఉండిపోయినవాళ్లకు లాభం, ఇచ్చేసినవాళ్లకు నష్టం. ఏ లెక్కలోనైనా ఒక జేబులోంచి ఇంకో జేబులోకి డబ్బు మారుతుందే తప్ప, బెంగళూరులో కోడ్ రాసే ఇంజనీర్ల పనికి కొత్తగా ఒక్క రూపాయి విలువ చేరదు.

ఇక్కడే తరచూ వినిపించే వాదన ఒకటుంది. షేర్లు తగ్గితే ఒక్కో షేరు వంతు లాభం, అంటే ఈపీఎస్, పెరుగుతుందని. 2024-25లో ఇన్ఫోసిస్ లాభం సుమారు 26,700 కోట్లు. 415 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 64 రూపాయల పైచిలుకు. 405 కోట్లకు పంచితే దాదాపు 66. పెరిగినట్టే ఉంది. కానీ ఆ 18,000 కోట్లు కంపెనీ దగ్గర ఊరికే పడుకుని లేవు, వడ్డీ తెస్తున్నాయి. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 1,260 కోట్లు, పాతిక శాతం పన్ను పోగా 945 కోట్లు. షేర్లు కొన్నాక ఆ ఆదాయం ఆగిపోతుంది. దాన్ని లాభంలోంచి తీసేసి 405 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 63 రూపాయల 60 పైసలు. ముందున్న దానికంటే తక్కువే. ఈపీఎస్ పెరుగుతుందని ఎవరైనా చెబితే, పోయిన వడ్డీని తీసేశారా అని అడగాలి. కంపెనీ అప్పు చేసి షేర్లు కొంటే ఆ వడ్డీ ఇంకా గట్టిగా కనిపిస్తుంది. వడ్డీ పోనూ ఈపీఎస్ పెరిగినా, అప్పు పెరిగిన కంపెనీ లాభానికి మార్కెట్ మునుపటి గుణకమే ఇవ్వాలన్న నియమం లేదు.

అలాగని బైబ్యాక్‌లు చెడ్డవని నేను అనను. వాడుకునే దారి తెలియని సొమ్ము ఖజానాలో పేరుకుపోతే, దాన్ని పనికిరాని కంపెనీల కొనుగోలు మీద తగలేసే ప్రమాదముంటుంది. వాటాదారుల డబ్బును వాటాదారులకే తిరిగివ్వడం దానికంటే ఎంతో మేలు. అయితే అప్పుడు కూడా జరిగింది ఉన్న విలువను కాపాడటమే.

చిన్న వాటాదారు ముందు ఇంకో ప్రశ్న ఉంటుంది, ఇవ్వాలా వద్దా అని. రికార్డు తేదీ నాటికి ఆ కంపెనీలో 2 లక్షల రూపాయలకు మించని షేర్లున్నవాళ్లను చిన్న వాటాదారులంటారు. టెండర్ పద్ధతి బైబ్యాక్‌లో 15 శాతం వీళ్లకు కేటాయిస్తారు. ఇన్ఫోసిస్ బైబ్యాక్‌లో వీళ్లకు ప్రతి 11 షేర్లకు 2 ఇచ్చే హక్కు దక్కింది, మిగతావాళ్లకు ప్రతి 706కు 17 మాత్రమే. 11 షేర్లున్న చిన్న వాటాదారు 2 ఇస్తే 3,600 రూపాయలు చేతికొస్తాయి, మిగిలిన 9 షేర్ల విలువ 1,503 చొప్పున 13,527. మొత్తం 17,127. ఏమీ జరగకముందు 11 షేర్ల విలువ 16,610. అంటే దాదాపు 517 రూపాయల లాభం. ఇది ఇన్ఫోసిస్ సంపాదించి పెట్టింది కాదు, షేర్లు ఇవ్వని ప్రమోటర్లూ ఇతరులూ వదులుకున్నదాంట్లో వచ్చిన వంతు.

ఆ 517 కూడా అందరికీ మిగలలేదు. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, బైబ్యాక్‌లో వచ్చిన మొత్తమంతా డివిడెండ్‌గా లెక్కకొచ్చింది. కొన్న ధరను అందులోంచి తీసేయనివ్వలేదు, దాన్ని విడిగా మూలధన నష్టంగా చూపుకోమన్నారు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు 3,600 మీద సెస్సుతో కలిపి సుమారు 1,120 రూపాయలు పన్ను. అంటే 517 పోయి, పైన ఇంకో 600 చేతినుంచి పడుతుంది. వేరే షేర్ల మీద లాభాలుంటే ఆ మూలధన నష్టంతో కొంత సర్దుకోవచ్చు, లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. పన్ను కట్టే అవసరం లేని విశ్రాంత ఉద్యోగికి మాత్రం అదే ఆఫర్ లాభసాటి. ఈ పన్ను నియమం గత కొన్నేళ్లలో పదేపదే మారింది. కాబట్టి ఆఫర్ లేఖ చేతికి రాగానే ధర పక్కనే మూడు అంకెలు రాసుకోవాలి: మీకు దక్కిన హక్కు నిష్పత్తి, మీ శ్లాబు, ఆ తేదీకి అమల్లో ఉన్న పన్ను. 1,800 అన్న అంకె ఒక్కదాన్నే చూసి షేర్లు ఇచ్చినవాళ్లకు అసలు బిల్లు రిటర్ను దాఖలు చేసే రోజున తెలుస్తుంది.