ఇసబ్‌గోల్ పొట్టు: నీళ్ళ లెక్క, మాత్రల ఎడం



వార్షిక సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమంటే మలబద్ధకం గురించి రాస్తామన్నాం. కొందరు నవ్వారు. కానీ హాస్టల్లో ఉన్నవాళ్ళెవరికీ ఇది కొత్త బాధ కాదు. పొద్దున్నే లెట్రిన్ల ముందు వరుస, బడికి టైమైపోతోందని ఆపుకోవడం, రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగకపోవడం, అన్నంలో కూరగాయలు తక్కువ కావడం. నాలుగు రోజులయ్యాక ఎవరో ఒకరు మందుల షాపు నుంచి ఇసబ్‌గోల్ తెచ్చి ట్రంకుపెట్టెలో పెట్టుకుంటారు. మంచి మందే. అయితే దాన్ని నీళ్ళతో ఎలా తాగాలో, వేరే మాత్రలకు ఎంత ఎడంగా తాగాలో చాలామందికి తెలియదు.

ఇసబ్‌గోల్ ఒక చిన్న మొక్క గింజ మీది పొట్టు. గుజరాత్, రాజస్థాన్‌లలో చలికాలం పంటగా పండిస్తారు. సబ్జా గింజలు నీళ్ళలో ఉబ్బి జిగురు కట్టడం మనం చూశాం కదా, ఈ పొట్టు కూడా అలాగే తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్ళు పీల్చుకుని జిగురవుతుంది. మన పేగులు దీన్ని అరిగించుకోలేవు. అందుకే ఆ జిగురు పట్టుకున్న నీటితో సహా పెద్దపేగు దాకా వెళ్ళి మలాన్ని మెత్తబరుస్తుంది. పేగును తరిమే మందు కాదు కాబట్టి వేసుకున్న గంటలో ఫలితం రాదు. సగం రోజు నుంచి మూడు రోజుల దాకా పట్టవచ్చు. ఇది తెలియక రాత్రికి రాత్రే మూడు, నాలుగు చెంచాలు వేసుకునేవాళ్ళున్నారు.

పని చేసేది పొట్టు పట్టుకున్న నీరే. నీళ్ళు చాలకపోతే అదే పొట్టు గొంతులోనో, ఆహారనాళంలోనో ముద్దకట్టి అడ్డుపడుతుంది. పొడిపొట్టు నోట్లో వేసుకుని రెండు గుక్కలు తాగడం అందుకే ప్రమాదం. మన స్టీలు గ్లాసు నిండా, అంటే దాదాపు 250 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని, ఒక టీచెంచా పొట్టు వేసి, కలిపిన వెంటనే తాగాలి. మాటల్లో పడి పది నిమిషాలు వదిలేస్తే జావలా బిగుసుకుంటుంది. దాన్ని మింగకుండా పారబోసి మళ్ళీ కలుపుకోండి. తాగాక ఇంకో గ్లాసు మంచినీళ్ళు తాగాలి. మొదటి కొన్ని రోజులు కడుపు కాస్త ఉబ్బరంగా ఉంటుంది కనుక రోజుకు ఒక చెంచాతోనే మొదలుపెట్టాలి. తాగిన వెంటనే పడుకోకూడదు.

తాగాక ఛాతీలో ఏదో ఇరుక్కున్నట్టున్నా, లాలాజలం మింగలేకపోయినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మింగడం కష్టంగా ఉండేవాళ్ళు అసలు వాడకూడదు. కడుపునొప్పితో వాంతులవుతూ గ్యాసు కూడా పోకపోతే, మలంలో రక్తం కనిపిస్తే పొట్టు జోలికి పోకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక మాత్రల సంగతి. మనం మింగిన మాత్ర కరిగి, చిన్నపేగు గోడల గుండా రక్తంలో కలవాలి. అదే సమయంలో కడుపులో ఈ జిగురుంటే మందు కొంత అందులో చిక్కుకుని, రక్తంలో కలవకుండానే బయటికి పోవచ్చు.

మా పెద్దమ్మ సంగతి చెప్తాం. ఆమె రోజూ పొద్దున 6 గంటలకు పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఎవరో చెప్తే ఆ మాత్ర వెంటే ఇసబ్‌గోల్ కూడా మొదలుపెట్టింది. మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. పెరిగింది. మాత్ర ఒక్కరోజు కూడా మానలేదంటుంది. డోసు పెంచబోతూ డాక్టరు, "ఇంకేమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగారు. పొట్టు సంగతి అప్పుడు బయటపడింది. (దాన్ని మందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు!) డోసు పెంచకుండా పొట్టును సాయంత్రానికి మార్చమన్నారు. ఎనిమిది వారాల తర్వాత పరీక్షలో లెక్క మామూలుకొచ్చింది.

థైరాయిడ్ మాత్రకూ పొట్టుకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. మామూలు మందులకు కనీసం రెండు గంటలు. మూర్ఛకు వాడే కార్బమజపైన్, గుండెకు వాడే డిగాక్సిన్, మానసిక వ్యాధికి ఇచ్చే లిథియం వాడేవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. షుగరు మందులు వాడేవాళ్ళకు ఈ పొట్టు వల్ల షుగరు ఇంకొంచెం తగ్గవచ్చు, వాళ్ళూ డాక్టరుకు చెప్పాలి.

మనకు దగ్గరి విషయం ఐరన్ మాత్ర. దానివల్ల కొందరికి మలబద్ధకం వస్తుంది, మలం నల్లగా అవుతుంది. ఆ నలుపుకు భయపడనక్కర్లేదు. అయితే మలబద్ధకం పోవాలని ఆ మాత్రతోనే పొట్టు తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక 1 గంటకు మాత్ర వేసుకుంటే, బడి నుంచి వచ్చాక సాయంత్రం అయిదున్నరకు పొట్టు తాగవచ్చు. రాత్రి భోజనానికి, పడుకోవడానికి ఇంకా టైముంటుంది. వారం రోజులు ఇలా తాగినా గుణం కనిపించకపోతే వార్డెన్ గారికి చెప్పి పి.హెచ్.సి.కి వెళ్ళండి.