ఫోన్‌లో మాట ఆగిపోయినప్పుడు

రాజమండ్రిలో ఉదయం 7:30, డల్లాస్‌లో రాత్రి 9. పెళ్లి సంబంధాల సైట్‌లో పరిచయమై, మూడు వారాలుగా వాట్సాప్‌లో కబుర్లాడుకుంటున్న ఇద్దరు మొదటిసారి ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారనుకోండి.

‘‘బాగున్నారా?’’

‘‘బాగున్నానండీ. మీరు?’’

‘‘బాగున్నాను. టిఫిన్ అయిందా?’’

‘‘అయిందండీ.’’

అంతే, మాట ఆగిపోయింది. నా గొంతు నచ్చలేదేమో అని అమ్మాయికి దిగులు. మాట్లాడటం ఇష్టం లేదేమో అని అబ్బాయికి అనుమానం.

చాట్‌లో జవాబు పది నిమిషాలు ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు. నోటి మాటకు అంత వ్యవధి ఉండదు. పది భాషల సంభాషణలను పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతేనని తేలింది. 2011లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక సంభాషణ వీడియోలో నాలుగు సెకన్ల మౌనం చేర్చి చూపించారు. తామే ఆ సంభాషణలో ఉన్నట్టు ఊహించుకుని చూసినవాళ్లకు తమను దూరం పెట్టినట్టు అనిపించింది. ఎదురుగా ఉంటే చిరునవ్వో తలూపడమో ఆ ఎడాన్ని పూరిస్తుంది. ఫోన్‌లో ఆ ఆసరా లేదు.

అందుకే మౌనం ఎందుకొచ్చిందో ముందు గుర్తుపట్టాలి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగిపోతుంటే తప్పు లైనుది. మాట అవతలికి చేరడానికి సెకనులో ఏడో వంతు దాటితే సంభాషణ తడబడటం మొదలవుతుంది. దూరదేశపు ఇంటర్నెట్ కాల్‌లో అది తేలిగ్గా దాటిపోవచ్చు. ‘‘లైను కాస్త ఆలస్యంగా వస్తోందండీ, ముందు మీరు చెప్పండి’’ అనేస్తే అనుమానానికి చోటుండదు. తర్వాత ఒక వాక్యం పూర్తిగా చెప్పి, మనసులో రెండు లెక్కపెట్టేదాకా ఆగాలి.

‘‘ఊ...’’, ‘‘అంటే...’’ అని వినిపించి ఆగితే, అవతలివారు ఆలోచిస్తున్నారు. అక్కడ తొందరపడి ఇంకో ప్రశ్న వేస్తే రాబోయే జవాబు పోతుంది.

రాజమండ్రి అమ్మాయి ‘‘అయిందండీ’’ అన్నాక వచ్చింది మూడో రకం. ప్రశ్న ఒక్కమాటతో తీరిపోయింది. పైగా ఉద్యోగం, ఊరు, ఇష్టాలు చాట్‌లో ఎప్పుడో అయిపోయాయి. కొత్త ప్రశ్న కోసం వెతుక్కోనక్కర్లేదు. చాట్‌లో సగంలో వదిలేసినదాన్ని అందుకుంటే చాలు. ‘‘గోదావరి వరదప్పుడు మీ వీధిలోకి నీళ్లొచ్చాయన్నారు కదా, ఆ రాత్రి ఏం చేశారు?’’ అని అబ్బాయి అడిగితే, ఆమె చెప్పడానికి ఒక కథ ఉంటుంది. అది వింటూ అతను ‘‘ఆఁ’’, ‘‘అయ్యో’’ అంటూ ఉండాలి. ఫోన్‌లో తలూపడమంటే అదే.

ఇవన్నీ చేసినా జవాబులు ఒక్కమాట దాటకపోతే, పక్కన ఇంట్లోవాళ్లు ఉన్నారేమో. ‘‘ఇప్పుడు వీలేనా, రేపు చేయనా?’’ అని అడగండి. ‘‘రేపు చేయండి’’ అంటే ఆ మాటను ఉన్నదున్నట్టే తీసుకుని ఫోన్ పెట్టేయండి.