మూడు గంటల చీకటి ముప్ఫై సెకన్లలో

గుడ్ ఫ్రైడే ఉదయం వాట్సాప్ స్టేటస్‌లు తిరగేస్తే కొన్నిచోట్ల మెరిసే అక్షరాలు, పూలగుత్తులు, వాటి మీద ‘శుభాకాంక్షలు’ కనిపిస్తాయి. క్రైస్తవులకు అది యేసు సిలువ మరణాన్ని తలచుకునే దినం. చాలామంది ఉపవాసం ఉంటారు. ఆ రోజుకు తగిన చిన్న వీడియో చేయాలంటే ముందు వచనాన్ని ఎంచుకుని, తక్కిన పనంతా దానికే అప్పగించాలి.

ఉదాహరణకు లూకా సువార్త 23వ అధ్యాయం 44వ వచనం. మధ్యాహ్నం మొదలుకొని మూడు గంటల దాకా దేశమంతా చీకటి కమ్మిందని అందులో ఉంది. తెలుగు చర్చిల్లో చాలాచోట్ల సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం జరిగేదీ ఆ వేళలోనే. వీడియోకు కావలసిన కదలిక ఈ వచనంలోనే ఉంది: వెలుగు మెల్లగా తగ్గిపోవడం.

దీనికి ఒక్క షాట్ చాలు. వెల్లగోడకు ఆనించిన చెక్క సిలువ, పక్క కిటికీలోంచి పడే వెలుతురు. ఫోన్‌ను నిలువుగా స్టాండు మీద పెట్టి ముప్ఫై సెకన్లు కదలకుండా తీయాలి. జూమ్ వద్దు. గదిలో లైటు తగ్గిస్తూ తీస్తే మాత్రం పని చెడుతుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఫోన్ తనంతట తానే దృశ్యాన్ని ప్రకాశవంతం చేస్తుంది, చుక్కచుక్కలుగా గరుకుదనం వస్తుంది. కాబట్టి ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసి, ఒకే వెలుతురులో తీసి, చీకటిని ఎడిటింగ్‌లో దించాలి.

మొదటి నాలుగు సెకన్లు సిలువ ఒక్కటే కనిపించాలి. తర్వాత వచనం రావాలి. నెమ్మదిగా రెండుసార్లు చదవడానికి పట్టేంతసేపు అది తెర మీద ఉండాలి. చివరి ఐదారు సెకన్లు తెర పూర్తిగా నల్లగా ఉంటుంది.

తెలుగు అక్షరాలతో ఇబ్బంది ఎక్కువగా ఒత్తుల దగ్గరే. వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తు విడిపోయి పక్కకు వస్తుంది. యూనికోడ్ ఫాంట్ వాడి, వరుసల మధ్య ఖాళీ పెంచి, ‘క్రీస్తు’ అని టైప్ చేసి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. తెర అడుగుభాగాన్ని ఖాళీగా వదలాలి. అక్కడ యాప్ బటన్లు, పేర్లు వచ్చి వచనాన్ని కప్పేస్తాయి.

సంగీతానికి వేణువు మంద్రస్థాయి స్వరం ఒకటి సరిపోతుంది. గంట శబ్దం కలపకూడదు. పెద్ద గురువారం రాత్రి నుంచి ఈస్టర్ జాగరణ దాకా కథోలిక చర్చిల్లో గంటలు మోగించరు. తెర నల్లబడేలోపే స్వరం ఆగిపోవాలి. కీర్తన ఎంత పాతదైనా దాని రికార్డింగుకు హక్కుదారులు ఉండవచ్చు. అనుమతి లేకుండా వాడితే యూట్యూబ్‌లో అభ్యంతరం రావచ్చు. సొంతంగా వాయించి రికార్డు చేసుకోవడం మేలు.

పంపేది శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపే పంపండి. ఖాళీ సమాధి, ఉదయించే సూర్యుడు వంటి బొమ్మలను ఆదివారానికి దాచండి.