ఇంటర్వ్యూ అయ్యాక ఎవరికి, ఎప్పుడు, ఏమని రాయాలి?

లింక్డిన్‌లో ఒకరికి పంపే మెసేజీలన్నీ ఒకే చోట, ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. పంపేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు. సోమవారం ‘గుడ్ మార్నింగ్ సర్, ఎనీ అప్‌డేట్?’ అని పెడతారు. గురువారం మళ్లీ అదే పెడతారు, వారం తిరిగాక ఇంకోసారి. పంపినవారికి అవి మూడు వేర్వేరు రోజుల మెసేజీలు. అందుకున్నవారు తెరిచేసరికి మాత్రం ఒకే ప్రశ్న మూడు వరసల్లో కనిపిస్తుంది. మాటల్లో ఎంత మర్యాద ఉన్నా వెంటపడుతున్నారనే అనిపిస్తుంది.

పైగా ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆయన దగ్గర ఉండదు. ఒక మోస్తరు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్వ్యూ చేసిన ఇంజనీరు తన అభిప్రాయం ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసి పంపేస్తారు. అక్కడితో ఆయన పని దాదాపు అయిపోయినట్టే. మిగతా రౌండ్ల వాళ్ల అభిప్రాయాలు కలిపి చూసి నిర్ణయించేది హైరింగ్ మేనేజర్. ఆపై జీతం లెక్క తేలాలి, బడ్జెట్‌కు పైవాళ్ల ఆమోదం రావాలి. ఈలోగా ఆ ఉద్యోగాన్నే ‘హోల్డ్’లో పెట్టొచ్చు. ఇవన్నీ తెలిసేది, అభ్యర్థికి చెప్పే అధికారం ఉండేది రిక్రూటర్‌కే, అంటే మనం హెచ్ఆర్ అని పిలిచే మనిషికి. ఫలితం గురించి ఇంటర్వ్యూ చేసినవాళ్లు నేరుగా చెప్పకూడదన్న నియమం చాలాచోట్ల ఉంటుంది. అందుకే వాళ్ల మౌనాన్ని ‘కాదు’ అని అర్థం చేసుకోనక్కర్లేదు.

దీన్నిబట్టి ఎవరికి ఏం రాయాలో తేలిపోతుంది. తేదీలు, ఫలితం, ఆఫర్ సంగతులు రిక్రూటర్‌ను అడగాలి. ఇంటర్వ్యూ చేసిన మనిషితో ఆ గదిలో జరిగిన సంభాషణ గురించి మాట్లాడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో నాలుగేళ్లుగా టెస్టింగ్ పని చేస్తున్న అమ్మాయి. గురువారం రెండో టెక్నికల్ రౌండ్ అయింది. డబ్బు చెల్లింపుల యాప్ గురించి ఒక ప్రశ్న వచ్చింది. బిల్లు కడుతుండగా నెట్ పోయింది, కస్టమర్ బటన్ మళ్లీ నొక్కాడు. డబ్బు రెండుసార్లు కట్ కాలేదని ఎలా పరీక్షిస్తావు? మొదటి రిక్వెస్ట్ పూర్తయ్యాక అదే గుర్తింపు నంబరుతో రెండోది పంపి చూస్తానంది. ‘వచ్చే బుధవారంలోగా చెప్తాం’ అని రిక్రూటర్ అన్నారు.

శుక్రవారం ఆమె ఇంటర్వ్యూ చేసినాయనకు కనెక్షన్ రిక్వెస్ట్ పంపుతుంది, దాంతోపాటు చిన్న నోట్. అందులో పట్టేది తక్కువే. డబ్బు కట్టే ప్రీమియం ఖాతాకు 300 అక్షరాలు, ఉచిత ఖాతాకు 200. ఉచిత ఖాతావాళ్లకు నెలలో ఇలాంటి నోట్లు కొన్నే దొరుకుతాయి. కాబట్టి తన పేరు, ఏ రోజు ఏ ఉద్యోగానికి మాట్లాడారో, చెల్లింపుల ప్రశ్న బాగా నచ్చిందన్న ఒక్క ముక్క, థ్యాంక్స్. అంతే, ఇందులో ప్రశ్న ఉండదు. రిక్వెస్ట్ అలాగే పడి ఉంటే దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ పంపుదామనుకోవద్దు. వెనక్కి తీసుకున్నాక అదే మనిషికి మళ్లీ పంపాలంటే మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు.

ఈ థ్యాంక్స్ వల్ల మార్కులు పెరుగుతాయనుకోవడం మాత్రం అత్యాశ. చాలాసార్లు ఫీడ్‌బ్యాక్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. దాని ఉపయోగం వేరు: తర్వాత రాసే మెసేజీ ముక్కూమొహం తెలియని మనిషి నుంచి వచ్చినట్టు ఉండదు.

బుధవారం వచ్చి వెళ్లింది, కబురు లేదు. గురువారం పొద్దున్నే అడిగితే గడియారం పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. శుక్రవారం రిక్రూటర్‌కు, ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన ఈమెయిల్‌కే జవాబుగా రాస్తుంది: ‘బుధవారానికి తెలుస్తుందన్నారు, ఇంకా నడుస్తోందని అర్థమైంది. తర్వాతి మాట ఎప్పటికి ఆశించవచ్చు?’ తేదీ అడిగితే రిక్రూటర్ చెప్పగలరు. ‘నేను సెలెక్ట్ అయ్యానా?’ అంటే నిర్ణయం రాకముందు ఆయన చెప్పగలిగేది ఏమీ లేదు.

ఇంటర్వ్యూ చేసినాయన ఈలోపు రిక్వెస్ట్ ఒప్పుకున్నారనుకుందాం. ఆయనకు రాసే మెసేజీ మరో మంగళవారం దాకా ఆగొచ్చు. ఇక్కడే అసలు పనితనం. ఇంటికి వచ్చాక ఆమెకు తన జవాబులో ఒక లోటు తోచింది. రెండు రిక్వెస్టులు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకే క్షణంలో సర్వర్‌కు చేరితే? మొదటిది నమోదయ్యేలోపే రెండోది లోపలికి దూరితే డబ్బు రెండుసార్లూ కట్ కావచ్చు. ఆమె చెప్పిన పరీక్షకు ఈ తప్పు దొరకదు. అందుకని ఇలా రాస్తుంది (అసలు మెసేజీ ఇంగ్లిషులో ఉంటుందనుకోండి, భావం ఇది):

‘మొన్న చెల్లింపుల ప్రశ్నకు నేను సగమే చెప్పాను. రెండు రిక్వెస్టులు ఒకేసారి వచ్చే సందర్భం వదిలేశాను. ఒకే గుర్తింపు నంబరుతో వాటిని ఒకే క్షణంలో పంపి, ఖాతాలో ఒక్క చెల్లింపే నమోదైందో లేదో చూడాలి. ఆ ప్రశ్న గురించి ఆలోచించడం నాకు మేలు చేసింది. జవాబు అవసరం లేదండి.’

ఆ చివరి వాక్యాన్ని ఊరికే పెట్టలేదు. ఫలితం చెప్పాల్సిన ఇబ్బంది లేదని తెలిస్తే అవతలి మనిషి తేలిగ్గా చదువుతారు, బహుశా జవాబూ రాస్తారు. మొదటి వాక్యం కూడా గమనించండి. ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ముక్కే. దాన్ని ‘మీరు కుశలమని తలుస్తాను’ అన్న మాటకు ఖర్చుపెడితే విషయం కిందెక్కడో ఉండిపోతుంది. ఇంకా ఘోరం, ఒట్టి ‘హాయ్ సర్’ అని పంపి ఆయన పలికేదాకా ఎదురుచూడటం.

చెప్పడానికి అలాంటి కొత్త ముక్క ఏదీ లేకపోతే? అప్పుడు ఈ మెసేజీ పంపనే వద్దు. లేని ఆసక్తిని అతికించి, కంపెనీ గురించి పేపర్లో వచ్చిన వార్తకు అభినందనలు చెప్పడం లాంటివి ఇట్టే తెలిసిపోతాయి.

మెసేజీ పక్కన ఆయన ఫొటో చిన్న గుండ్రంగా కనిపిస్తే చదివారని అర్థం. దాని నుంచి అంతకు మించి ఏమీ తెలియదు. ఆ గుర్తు కనిపించకుండా చేసుకునే సౌకర్యం కూడా ఉంది, కాబట్టి లేనంత మాత్రాన చదవలేదనీ చెప్పలేం. రోజూ ఆయన ప్రొఫైల్ తెరిచి చూడటం మానుకోండి. ప్రైవేట్ మోడ్‌లో లేకపోతే మీరు వచ్చి వెళ్లినట్టు ఆయనకు కనిపించే అవకాశం ఉంది. నోరు తెరవకుండానే నాలుగుసార్లు తలుపు తట్టినట్టు అవుతుంది. పంపాక పేరులో తప్పు కనిపిస్తే 60 నిమిషాలలోపు సరిదిద్దుకోవచ్చు. దానికోసం మరో మెసేజీ అక్కర్లేదు.

తొందరపెట్టడం న్యాయమైన సందర్భం ఒకటుంది. వేరే కంపెనీ ఆఫర్ ఇచ్చి, సోమవారంలోగా చెప్పమందనుకోండి. అది రిక్రూటర్‌కు వెంటనే తెలియాలి, తేదీతో సహా. రిక్రూటర్ రెండు రోజులు పలకకపోతే అప్పుడు ఇంటర్వ్యూ చేసినాయనకు ఒక్క మాట: ‘నాకు సోమవారం దాకా గడువుంది, హెచ్ఆర్‌కు రాశాను, వీలైతే వారికి గుర్తుచేయగలరా?’ ఆయన చేయగలిగిన పనే అడిగినట్టు. లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్తే మాత్రం, ‘అయితే అక్కడే చేరండి, ఆల్ ది బెస్ట్’ అన్న జవాబుకూ సిద్ధపడాలి.

రెండు వారాలు గడిచినా ఎటునుంచీ ఉలుకూపలుకూ లేకపోతే చివరిది రిక్రూటర్‌కే: ‘ఈ ఉద్యోగం భర్తీ అయిపోయిందనుకుని ముందుకు వెళ్తున్నాను. తలుపు తెరిచే ఉంటే సంతోషంగా మాట్లాడతాను.’ ఇంటర్వ్యూ చేసినాయనకు ఇంకేమీ రాయక్కర్లేదు. ఆయనే ఎప్పుడో ‘హెచ్ఆర్ మిమ్మల్ని సంప్రదిస్తారు’ అని రాస్తే, జవాబుగా ‘థ్యాంక్యూ’ అంటే చాలు. ‘ఎప్పుడు సర్?’ అని మాత్రం అడగొద్దు.