లాభం 18 లక్షలు, నగదు 9 లక్షలు తక్కువ

గోదావరి జిల్లాల్లో ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ఉందనుకుందాం. లెక్క కోసం నేను కల్పించుకున్న మిల్లు ఇది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఆ ఏడాది పన్ను పోగా 18 లక్షల లాభం వచ్చింది. యజమాని సంతోషంగా బ్యాంకు పాస్‌బుక్ తెరిచాడు. నిరుడు మార్చి 31న క్యాష్, బ్యాంకు కలిపి 15 లక్షలు ఉంటే, ఈ మార్చి 31న 6 లక్షలే ఉన్నాయి. లాభం వచ్చిన ఏడాదే 9 లక్షలు తగ్గాయి. మరి డబ్బు ఎటు పోయింది?

దీనికి జవాబు చెప్పేదే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. 2013 కంపెనీల చట్టం దీన్ని ఆర్థిక నివేదికల్లో భాగం చేసింది. చిన్న కంపెనీలకు, ఏకవ్యక్తి కంపెనీలకు మినహాయింపు ఉంది కాబట్టి మన మిల్లు తయారు చేయకపోయినా తప్పు లేదు. కానీ అప్పిచ్చే బ్యాంకు అధికారి అడగాలనుకునేది ఈ ప్రశ్నే. దీన్ని తయారు చేయడానికి ఏడాది పొడవునా రాసిన క్యాష్ బుక్ తిరగేయాల్సిన పని లేదు. రెండు బ్యాలెన్స్ షీట్లు, ఒక లాభం అంకె, వాటితోపాటు నాలుగైదు వివరాలు ఉంటే చాలు. లాభం దగ్గర మొదలుపెట్టి నగదు దాకా వెనక్కి నడుస్తాం. దీన్నే పరోక్ష పద్ధతి అంటారు. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీలన్నీ ఈ పద్ధతిలోనే ఇవ్వాలని సెబీ నిబంధన.

మిల్లు లెక్క ఇదీ. అంకెలన్నీ లక్షల్లో.

| | నిరుడు | ఈ ఏడు | తేడా |
|---|---|---|---|
| యంత్రాలు, భవనం (తరుగుదల పోగా) | 90 | 112 | +22 |
| ధాన్యం, బియ్యం నిల్వ | 40 | 62 | +22 |
| రావాల్సిన బాకీలు | 25 | 41 | +16 |
| క్యాష్, బ్యాంకు | 15 | 6 | −9 |
| మొత్తం ఆస్తులు | 170 | 221 | +51 |
| వాటా మూలధనం | 80 | 80 | 0 |
| మిగుల్చుకున్న లాభం | 20 | 32 | +12 |
| టర్మ్ లోన్ | 30 | 48 | +18 |
| ధాన్యం అమ్మినవారికి బాకీ | 39 | 59 | +20 |
| కట్టాల్సిన పన్ను | 1 | 2 | +1 |
| మొత్తం అప్పులు, మూలధనం | 170 | 221 | +51 |

ఏది కలపాలో, ఏది తీసేయాలో చాలామంది విద్యార్థులు బట్టీ పడతారు. ఆ అవసరం లేదు. బ్యాలెన్స్ షీట్‌లో రెండు వైపులా ఎప్పుడూ సమానం కదా. కాబట్టి అప్పులు, మూలధనం ఎంత పెరిగాయో చూసి, అందులోంచి నగదు కాని ఆస్తుల పెరుగుదల తీసేస్తే మిగిలేది నగదులో మార్పే. ఇక్కడ అప్పులు, మూలధనం 51 పెరిగాయి. నగదు కాని ఆస్తులు 22, 22, 16 కలిపి 60 పెరిగాయి. 51లోంచి 60 పోతే మైనస్ 9. జవాబు ఒక్క వాక్యంలో వచ్చేసింది. నిల్వ పెరిగితే ఎందుకు తీసేస్తామో, బాకీ పడితే ఎందుకు కలుపుతామో కూడా ఇందులోనే ఉంది: సరుకు కొంటే డబ్బు పోతుంది, కొన్న సరుకుకు డబ్బు ఇంకా ఇవ్వకపోతే అది చేతిలోనే ఉంటుంది. మిగిలిన పనంతా ఈ తేడాల్ని విడగొట్టి, ఏది వ్యాపారం నడవడం వల్ల వచ్చింది, ఏది ఆస్తులు కొని అమ్మడం వల్ల, ఏది అప్పులు, వాటాల వల్ల అని మూడు గంపలకు సర్దడమే.

విడగొట్టడంలో అసలు కష్టం యంత్రాల దగ్గరే వస్తుంది. 90 నుంచి 112కు పెరిగింది కాబట్టి 22 లక్షల యంత్రం కొన్నారని అనిపిస్తుంది. అది తప్పు. ఆ 22 వెనక మూడు సంగతులు దాగి ఉన్నాయి. ఏడాది తరుగుదల 11 లక్షలు. పుస్తకాల్లో 5 లక్షల విలువ ఉన్న పాత బాయిలర్‌ను 7 లక్షలకు అమ్మారు. బియ్యంలో రంగు మారిన గింజల్ని ఏరే సార్టెక్స్ యంత్రం కొత్తగా కొన్నారు, కానీ దాని ధర మనకు చెప్పలేదు. కనుక్కుందాం. నిరుటి 90లోంచి తరుగుదల 11, అమ్మిన బాయిలర్ 5 పోతే 74 మిగలాలి. చివర్లో 112 ఉంది. అంటే కొత్త యంత్రానికి 38 లక్షలు పెట్టారన్నమాట. తరుగుదల, అమ్మకం వివరాలు బ్యాలెన్స్ షీట్ మొదటి పేజీలో ఉండవు. వెనక ఉండే స్థిరాస్తుల నోట్‌లో వెతకాలి.

పన్ను, డివిడెండ్ లెక్కలు కూడా ఇలాగే తేలతాయి. లాభం 18 వస్తే మిగుల్చుకున్న లాభం 12 మాత్రమే పెరిగింది. వాటాదార్లకు 6 పంచారు. ఈ ఏడాది పన్ను 6 లక్షలు, కట్టాల్సిన పన్ను 1 నుంచి 2కు పెరిగింది. కాబట్టి నిజంగా కట్టింది 5.

ఇప్పుడు మొదటి గంప, వ్యాపారం నుంచి వచ్చిన నగదు. పన్నుకు ముందు లాభం, అంటే 18కి 6 కలిపి 24 దగ్గర మొదలుపెడతాం. తరుగుదల 11 తిరిగి కలుపుతాం. ఆ ఖర్చు పుస్తకాల్లో రాశారే కానీ ఈ ఏడాది ఎవరి చేతికీ డబ్బు పోలేదు. బ్యాంకుకు కట్టిన వడ్డీ 4 కూడా కలుపుతాం. డబ్బు పోయిన మాట నిజమే, కానీ అది మూడో గంపకు చెందింది కాబట్టి అక్కడ తీసేస్తాం. బాయిలర్ అమ్మకంలో వచ్చిన 2 లక్షల లాభాన్ని ఇక్కడ తీసేయాలి. వచ్చిన 7 లక్షలూ రెండో గంపలో చూపిస్తాం, రెండు చోట్లా చూపితే ఒకే డబ్బు రెండుసార్లు వచ్చినట్టవుతుంది. ఇప్పటికి 37 అయింది. నిల్వ పెరగడం వల్ల 22 పోయాయి, బియ్యం కొన్నవాళ్లు బాకీ పెట్టడం వల్ల 16 ఆగిపోయాయి, ధాన్యం అమ్మినవాళ్లకు మనం ఇవ్వకుండా ఆపింది 20. మిగిలేది 19. పన్ను 5 కడితే 14.

రెండో గంపలో యంత్రానికి 38 పోయాయి, బాయిలర్‌కు 7 వచ్చాయి. నికరంగా మైనస్ 31. మూడో గంపలో కొత్త లోన్ 24 వచ్చింది, పాత వాయిదాలు 6 కట్టారు, వడ్డీ 4, డివిడెండ్ 6 పోయాయి. నికరంగా ప్లస్ 8. లోన్ తేడా 18 అని ఒకే అంకె వేయకుండా తెచ్చింది వేరుగా, తీర్చింది వేరుగా చూపాలి. పద్నాలుగు, మైనస్ ముప్పై ఒకటి, ఎనిమిది కలిపితే మైనస్ 9. పాస్‌బుక్ చెప్పిందీ అదే.

అంకె సరిపోయింది కదా అని ఇక్కడ ఆగిపోతే ఇంత శ్రమ దండగే. ఒక్క వరుసను జాగ్రత్తగా చూడండి. వ్యాపారం నుంచి 14 లక్షలు వచ్చాయన్నాం. అందులో 20 లక్షలు ధాన్యం అమ్మిన రైతులకు, కమీషన్ ఏజెంట్లకు ఇవ్వాల్సిన డబ్బు. వాళ్లు నిరుటిలాగే వసూలు చేసుకుని ఉంటే ఈ అంకె మైనస్ 6 అయ్యేది. అంటే 18 లక్షల లాభం చూపించిన మిల్లు ఆ ఏడాది నడిచింది ధాన్యం ఇచ్చినవాళ్ల ఓపిక మీద. లాభనష్టాల ఖాతా ఎంతసేపు చూసినా ఈ సంగతి కనబడదు. నాకు ఈ నివేదిక మీద ఇంత అభిమానం ఉండటానికి కారణం ఇదే.

లెక్క కుదరనప్పుడు, ఎంత తేడా వచ్చిందో ఆ అంకే దారి చూపిస్తుంది. నిల్వ పెరుగుదలను తీసేయాల్సింది పోయి కలిపారనుకోండి, తేడా సరిగ్గా 44 వస్తుంది, అంటే 22కు రెట్టింపు. అందుకే తేడా రాగానే దాన్ని సగం చేసి, ఆ అంకె పట్టికలో ఎక్కడైనా ఉందేమో వెతకాలి. యంత్రాల తేడా 22నే కొనుగోలు, అమ్మకం రెండిటికీ కలిపి వేసేస్తే మొత్తం సున్నా వస్తుంది, 9 తేడా. ఆ 9 ఎక్కడిది? తరుగుదల 11లోంచి బాయిలర్ లాభం 2 పోగా మిగిలింది. ఆ రెంటినీ మొదటి గంపలో సర్దేశాం, 22 లోపల కూడా అవే మళ్లీ లెక్కకొచ్చాయి.

తేడా రాని తప్పులే ప్రమాదకరం. బాయిలర్ అమ్మిన సంగతి మీకెవరూ చెప్పలేదనుకోండి. తరుగుదల 11 ఒక్కటే తెలిస్తే యంత్రం కొన్నది 33 అని తేలుతుంది. లాభం 2 తీసేయరు కాబట్టి వ్యాపారం నుంచి 16 వస్తుంది. పదహారు, మైనస్ ముప్పై మూడు, ఎనిమిది: మళ్లీ మైనస్ 9! చక్కగా కుదిరింది, అయినా రెండు గంపలు తప్పు. అలాగే, ధాన్యం బాకీగా రాసిన ఆ 20లో 8 లక్షలు నిజానికి సార్టెక్స్ అమ్మిన కంపెనీకి ఇవ్వాల్సినవైతే, వ్యాపారం నుంచి వచ్చింది 14 కాదు, 6. యంత్రానికి చేతి నుంచి పోయింది 38 కాదు, 30. మొత్తం మాత్రం మారదు. చివరి అంకె కుదిరిందంటే కూడికలు సరిగ్గా ఉన్నాయనే అర్థం. ఏ డబ్బు ఏ గంపలో పడాలో అది చెప్పదు. అందుకే లాభనష్టాల ఖాతాలో 'ఆస్తుల అమ్మకంపై లాభం' అనే వరుస ఉందా అని చూడాలి, బాకీల జాబితాలో పేర్లు ఒక్కొక్కటీ చదవాలి.

ఈ పద్ధతికి ఇంకా పెద్ద హద్దు ఒకటుంది. అది హైదరాబాద్‌లోనే బయటపడింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన బోర్డుకు లేఖ రాశారు. 2008 సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో క్యాష్, బ్యాంకు కింద 5,361 కోట్లు చూపిస్తే అందులో 5,040 కోట్లు అసలు లేవన్నది ఆ లేఖలోని ఒప్పుకోలు. లేని లాభం రాసినప్పుడు, రెండు వైపులా సమానం కావాలి కాబట్టి, లేని ఆస్తి కూడా ఎక్కడో రాయాలి. సాధారణంగా దాన్ని రావాల్సిన బాకీల్లోనో నిల్వలోనో దాస్తారు. అప్పుడు ఈ నివేదిక దాన్ని పట్టిస్తుంది. లాభం పెరుగుతూ పోతుంది, వ్యాపారం నుంచి వచ్చే నగదు వెనకబడిపోతుంది. అక్కడ అబద్ధం ఏకంగా నగదు వరుసలోకే చేరింది. మనం చివర్లో సరిచూసుకునే అంకే అబద్ధమైతే, మూడు గంపలూ ఆ అబద్ధానికే చక్కగా కుదురుతాయి. కాబట్టి మిల్లు లెక్కలో ఆ 6 లక్షలు ఉన్నాయో లేవో రెండు బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టి తేల్చలేం. అది కంపెనీ చేతి మీదుగా కాకుండా బ్యాంకు నేరుగా ఆడిటర్‌కు పంపే ధ్రువీకరణ పత్రంలోనే తేలాలి.