పైరు కోత అయిపోయినా ఖాతాలో కోత ఆగదు

కృష్ణా డెల్టాలో సాగు చేసేవాడి చేతికి డబ్బు ఏడాది పొడవునా రాదు. సార్వా ధాన్యం అమ్మాక ఒకసారి, ఆ తర్వాత వేసిన మినుము తీసాక ఇంకోసారి, అంతే. కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుంచి దమ్ము, నాట్లు, కలుపు, ఎరువులంటూ పోయేదే తప్ప వచ్చేది ఉండదు. బ్యాంకుల పొదుపు ఖాతా నియమాలు చూస్తే మాత్రం నెల నెలా ఒకటో తారీఖున జీతం అందుకునే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్లుంటాయి. అందుకే ఖాళీ నెలల్లో రైతు ఖాతాలో పది, ఇరవై, నలభై చొప్పున డబ్బు తరిగిపోతుంది. "నే తియ్యకుండానే ఎట్టా తగ్గిందండీ?" అని కౌంటరు దగ్గర అడిగితే "రూలండీ" అన్న ఒక్క ముక్కతో సరి. ఆ రూలు ఏమిటో మనమే విప్పి చూద్దాం.

మీ ఖాతా ఏ తరగతిది?

పొదుపు ఖాతాలన్నీ పైకి ఒకేలా కనపడతాయి. లోపల తరగతులున్నాయి. సాధారణ ఖాతాలో ఇంత కనీస నిల్వ ఉండాలని బ్యాంకు తనే నిర్ణయిస్తుంది. ఎక్కువ నిల్వ ఉంచేవారికి ఉచితంగా తీసుకునే సార్లు పెరుగుతాయి, తక్కువ నిల్వవారికి తగ్గుతాయి. దీనికి పక్కనే బేసిక్ పొదుపు ఖాతా ఉంది. 2012లో రిజర్వు బ్యాంకు దీన్ని తప్పనిసరి చేసింది. ఇందులో కనీస నిల్వ అనేదే లేదు. 2014లో మొదలైన జనధన్ ఖాతాలు ఈ జాతివే. గుర్తింపు కాగితాలు సరిగా లేనివారికి తెరిచే చిన్న ఖాతా మూడో రకం.

సాధారణ ఖాతాలో కనీస నిల్వ ఎంతన్నది శాఖ ఉన్న ఊరిని బట్టి మారుతుంది. రిజర్వు బ్యాంకు లెక్కలో 10 వేల లోపు జనాభా ఉన్నది గ్రామం. లక్ష లోపు అయితే అర్ధపట్టణం, 10 లక్షల లోపు అయితే పట్టణం, ఆపైన మహానగరం. ఖాతాదారు ఏ ఊరివాడన్నది ఎవరూ చూడరు, శాఖ ఏ ఊళ్లో ఉన్నదన్నదే చూస్తారు. 2011 జనగణనలోనే గుడివాడ లక్ష దాటింది, విజయవాడ 10 లక్షలు దాటింది. పల్లెటూరి కౌలు రైతు పిల్లవాడి ఫీజు కట్టడానికి వీలుగా ఉంటుందని విజయవాడ శాఖలో ఖాతా తెరిచాడంటే నిల్వ విషయంలో అతను బెజవాడ వ్యాపారితో సమానమైపోయినట్లే.

సగటు నిల్వ మర్మం

చాలామంది పొరబడేది ఇక్కడే. వెయ్యి రూపాయలు ఉండాలంటే రోజూ వెయ్యి ఉండాలని కాదు. చాలా బ్యాంకులు చూసేది నెలసరి సగటు. రోజూ సాయంత్రం మిగిలిన నిల్వలన్నీ కూడి, నెలలో రోజుల సంఖ్యతో భాగిస్తారు.

ఒక కౌలు రైతు ఖాతా తీసుకుందాం. శాఖ గ్రామంలో ఉంది, కనీస నిల్వ వెయ్యి. ఖాతాలో 200 రూపాయలున్నాయి. ధాన్యం డబ్బు 60 వేలు పడ్డాయి. పడిన రోజే 60 వేలూ తీసేశాడనుకోండి. ఆ సాయంత్రం మిగిలింది 200. ముప్పై రోజులూ 200 చొప్పున లెక్క కడితే సగటు 200 మాత్రమే. అన్ని వేలు వచ్చిన నెలలో కూడా అతను కనీస నిల్వ ఉంచనివాడి కిందే లెక్క! అదే డబ్బు ఒక్క రాత్రి ఉంచి తెల్లారి తీస్తే ఆ ఒక్కరోజు నిల్వ 60,200. మిగతా 29 రోజులకు 5,800. మొత్తం 66,000. ముప్పైతో భాగిస్తే సగటు 2,200. ఒక్క రాత్రి తేడాతో ఆ నెల గండం గడిచింది.

కానీ ఈ కిటుకు డబ్బు పడిన నెలకే పనికొస్తుంది. నాట్ల నాటి నుంచి కోతల దాకా 200 రూపాయలే ఉన్న నెలలకు దారి లేదు.

2017లో జరిగింది

స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిల్ 1 నుంచి కనీస నిల్వ లేనివారి మీద రుసుము మళ్లీ మొదలుపెట్టింది. గ్రామాల్లో వెయ్యి, అర్ధపట్టణాల్లో 2 వేలు, పట్టణాల్లో 3 వేలు, మహానగరాల్లో 5 వేలు ఉండాలన్నది. ఆ అక్టోబరులో మహానగరాలకు 3 వేలకు తగ్గించి, గ్రామీణ శాఖల్లో రుసుము నెలకు 20 నుంచి 40 రూపాయలుగా పెట్టింది. దీనికి జీఎస్టీ అదనం.

మన కౌలు రైతుకు వెయ్యికి 800 తక్కువ. కొరత ముప్పాతిక దాటింది కాబట్టి 40 రూపాయలు, దాని మీద నూటికి 18 చొప్పున పన్ను 7.20, వెరసి 47.20. ఖాళీ నెలలన్నిటా అదే రేటు పడితే నాలుగు నెలల్లో 188.80 పోతుంది. 200లో మిగిలేది 11.20. ఆనాడు పొదుపు మీద వడ్డీ నూటికి ఏడాదికి మూడున్నర. అంటే ఆ 200కి ఏడాది మొత్తానికి వచ్చే వడ్డీ 7 రూపాయలు. ఏడాదికి ఇచ్చేది 7, ఒక్క నెలకు తీసుకునేది 47!

ఇలా 2017 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఆ బ్యాంకుకు చేరింది 1,771 కోట్లు. అదే ఏడాది జూలై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలలకు దాని నికర లాభం 1,581 కోట్లు. నిల్వ లేదన్న నేరానికి కట్టిన డబ్బు ఒక త్రైమాసికం లాభాన్ని మించిపోయింది. గొడవ పెరిగాక 2018 ఏప్రిల్‌లో రేట్లు బాగా తగ్గించారు. 2020 మార్చిలో పూర్తిగా ఎత్తేశారు. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు వంటి ప్రభుత్వ బ్యాంకులూ ఎత్తేశాయి.

ప్రైవేటు బ్యాంకుల దారి వేరు. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు కొత్త ఖాతాదారులకు పెద్ద నగరాల్లో 50 వేలు, గ్రామాల్లో 10 వేలు నిల్వ ఉండాలన్నది. అలజడి రేగాక వాటిని 15 వేలకు, రెండున్నర వేలకు దించింది. కనీస నిల్వ ఎంతన్నది బ్యాంకుల ఇష్టమేనని రిజర్వు బ్యాంకు గవర్నరు అప్పుడే చెప్పారు. కాబట్టి ఈ రోజు లేదు కదా అని నిశ్చింతగా ఉండే వీలు లేదు.

మన డెల్టాలో మరో చిక్కు ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ పాత ఖాతాలున్నవాళ్లు పాత నియమాలే నడుస్తున్నాయనుకోకుండా తమ ఖాతా ఇప్పుడు ఏ తరగతిలో ఉన్నదో అడిగి తెలుసుకోవాలి.

నాలుగుసార్లు దాటితే

బేసిక్ ఖాతాకు కనీస నిల్వ బెడద లేదు. డబ్బు ఎన్నిసార్లు వేసినా ఉచితమే. తీసేటప్పుడే మెలిక. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా తీసుకోనివ్వాలని నియమం. శాఖలో తీసినా, ఏటీఎంలో తీసినా అందులోకే వస్తుంది. వ్యవసాయ కార్మికురాలు వారం వారం సంత ఖర్చుకు 500 చొప్పున తీస్తే ఐదు సంతలు పడిన నెలలో ఐదోసారికి బ్యాంకు రుసుము వేయవచ్చు. సంత సంతకూ కాకుండా రెండేసి సంతలకు సరిపడా ఒక్కసారే తీస్తే ఆ పాట్లు ఉండవు.

ఈ నాలుగుసార్ల నియమాన్నే స్టేట్ బ్యాంకు ఎలా సాగదీసిందో చూడండి. ఐదోసారి నుంచి ప్రతిసారీ 17.70 రూపాయలు తీసుకున్నది. నగదు తీసినప్పుడే కాదు, ఫోనుతో దుకాణంలో చెల్లించినా అంతే. బొంబాయి ఐఐటీ ఆచార్యుడు ఆశిష్ దాస్ అధ్యయనం దీన్ని బయటపెట్టింది. 2015-20 మధ్య సుమారు 12 కోట్ల బేసిక్ ఖాతాల నుంచి 300 కోట్లకు పైగా వసూలైందని అందులో తేలింది. 2020 జనవరి 1 తర్వాత డిజిటల్ చెల్లింపుల మీద తీసుకున్నది తిరిగి ఇవ్వాలని ఆ ఆగస్టులో ప్రత్యక్ష పన్నుల బోర్డు బ్యాంకులకు చెప్పింది. 2025 డిసెంబరులో రిజర్వు బ్యాంకు నియమాన్నే సవరించింది. ఫోను చెల్లింపులను, ఇతర డిజిటల్ బదిలీలను ఆ నాలుగింట్లో కలపరాదని, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని నిర్దేశించింది.

చిన్న ఖాతాకు మరింత బిగింపు ఉంది. అందులో ఎప్పుడూ 50 వేలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదికి జమ లక్ష దాటకూడదు, నెలకు 10 వేలకు మించి తీయకూడదు. 60 వేల ధాన్యం డబ్బుకు ఈ ఖాతా చాలదు. కోతలు రాకముందే కాగితాలు ఇచ్చి పూర్తి ఖాతాగా మార్పించుకోవాలి. కళ్లంలో ధాన్యం ఎత్తాక పరుగెత్తితే కౌలు కట్టే గడువు దాటిపోతుంది.

ఏటీఎం దగ్గర లెక్క వేరు

సాధారణ ఖాతాదారుకు సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో ఆరు మహానగరాల్లో 3, మిగతా చోట్ల 5. ఆ ఆరింటిలో హైదరాబాదు ఉంది, విజయవాడ లేదు. నిల్వ లెక్కలో మహానగరమైన విజయవాడ ఏటీఎం లెక్కలో కాదన్నమాట! కాబట్టి ఇక్కడ 5 సార్లు మన హక్కు. అవి దాటితే 2025 మే 1 నుంచి ఒక్కోసారికి 23 రూపాయలు, పన్నుతో 27.14 దాకా పడవచ్చు.

ఇతర బ్యాంకు మిషనులో డబ్బు తీయకుండా నిల్వ చూసుకున్నా ఒకసారి కింద లెక్కే. "ధాన్యం డబ్బు పడిందో లేదో" అని రోజూ వెళ్లి చూసేవాడి ఉచిత వంతు అలాగే అయిపోతుంది. సొంత బ్యాంకు మిషనులో నిల్వ చూస్తే లెక్కలోకి రాదు. మిషనులో నగదు లేక, లేదా చెడిపోయి డబ్బు రాకపోయినా లెక్కలోకి తీసుకోకూడదు.

అడగవలసినవి

కనీస నిల్వ రుసుము వేయడానికి బ్యాంకుకు మూడు కట్టుబాట్లున్నాయి. ఇవి 2015 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. మొదట ఖాతాదారుకు తెలియజేసి, సరిచేసుకోవడానికి నెల గడువు ఇవ్వాలి. రుసుము కొరత ఎంతో దానికి తగ్గట్టుగా ఉండాలి. ఈ రుసుము వల్లనే ఖాతా సున్న కిందికి పోకూడదు. మన లెక్కలోని రైతుకు ఐదో నెలలో మిగిలింది 11.20 అయితే అంతకు మించి తీసుకోవడానికి వీల్లేదు. మిగిలినది బాకీగా రాసిపెట్టి, ధాన్యం డబ్బు పడగానే పట్టుకున్నారేమో పాస్‌బుక్కులో చూసుకోవాలి.

ఖాళీ నెలలు ఎక్కువున్న రైతుకు బేసిక్ ఖాతాయే మేలు. ఉన్న ఖాతానే దానిగా మార్చమని శాఖ మేనేజరుకు కాగితం మీద రాసివ్వాలి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. అదే బ్యాంకులో ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు. అక్రమంగా కోసినట్లు కనిపిస్తే తేదీ, మొత్తం రాసి ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. దానికి ఖర్చు లేదు. పాస్‌బుక్కు మూడు నెలలకోసారైనా ముద్ర వేయించి, చదివించుకోండి. 47 రూపాయలు పోయిన సంగతి ఆ నెలలోనే తెలిస్తే అడగవచ్చు. ఏడాది తర్వాత తెలిస్తే ఏ నెలలో ఎంత పోయిందో వెతుక్కోవడమే పెద్ద పని అవుతుంది.