కంచె బలమంతా కింది అడుగులోనే

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు అంటే వరిచేలు, చేపల చెరువులు గుర్తొస్తాయి. కొల్లేరు చుట్టూ అడవి లేదు. కానీ ఏలూరు నుంచి జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం, పోలవరం వైపు వెళ్తే పాపికొండల అడవి అంచు వస్తుంది. అక్కడి మెట్ట ఊళ్లలో కంద, చిలగడదుంప, కర్రపెండలం, మొక్కజొన్న, లేత కొబ్బరి మొక్కలున్న పెరడు అడవిపందికీ ముళ్లపందికీ సులువుగా దొరికే మేత. రెండూ రాత్రివేళే వస్తాయి కాబట్టి ఇంటివాళ్లకు కనిపించేది తెల్లారాక మిగిలిన నష్టం ఒక్కటే.

అందుకే ముందు చూడాల్సింది ఆనవాళ్లు. అడవిపంది ముట్టెతో నేలను నాగలి దున్నినట్టు తిరగేస్తుంది. తడి మట్టిలో చీలిన గిట్టల గుర్తులు, తీగకు పట్టుకున్న బిరుసు వెంట్రుకలు దొరుకుతాయి. ముళ్లపంది అంత గందరగోళం చేయదు. ఒక్కో దుంప దగ్గరా విడిగా గుంట తవ్వుతుంది. కాండం మొదట్లో, బెరడు మీద పక్కపక్కనే రెండు పళ్లగాట్లు పడతాయి. డ్రిప్ పైపులనూ కొరుకుతుంది. ఎక్కడో ఒక ముల్లు రాలి ఉంటుంది. ఊరిమధ్య పెరట్లోనూ కొల్లేరు గట్లమీదా మట్టి పెకలించి ఉంటే, ముందు అనుమానించాల్సింది వీధుల్లో తిరిగే ఊరపందుల్ని.

ఇక కంచె. ఎత్తు పెంచితే చాలనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఈ రెండు జంతువులూ దూకడం కంటే కిందినుంచి దూరడమే ఎక్కువ. అడవిపంది మెడ బలంతో తీగను పైకెత్తుతుంది, ముళ్లపంది మట్టి తోడి లోపలికొస్తుంది. ఎనిమిది అడుగుల ఎత్తు కంచె వేసినా అడుగున జానెడు సందు ఉంటే ఆ ఖర్చంతా వృథా.

పది సెంట్ల చదరపు స్థలాన్ని తీసుకుందాం. ఒక్కో వైపు 66 అడుగులు, చుట్టూ 264 అడుగులు. ఎనిమిదేసి అడుగులకో స్తంభమంటే 33 స్తంభాలు కావాలి. ఐదడుగుల వెడల్పున్న జీఐ చైన్‌లింక్ మెష్ తెచ్చుకుంటే మూడడుగులు నేల పైన నిలబెట్టి, ఒక అడుగు నేలలోకి దింపి, మిగిలిన అడుగును భూమిలోనే బయటివైపు మడిచి మట్టి కప్పాలి. ముళ్లపంది కంచె మొదట్లోనే తవ్వుతుంది. ఆ మడత దాని కాళ్ల కిందే ఉంటుంది కాబట్టి తవ్వకం అక్కడ ఆగిపోతుంది. నేల మట్టాన మెష్ వెంబడి ఒక లావు తీగను బిగించి ప్రతి స్తంభానికీ కట్టకపోతే, స్తంభాల నడుమ అడవిపంది దాన్ని ఎత్తేస్తుంది. ప్లాస్టిక్ వల ముళ్లపంది పళ్లకు ఆగదు. గేటు కింద సిమెంటు గడప, వాననీటి తూముకు ఇనుప జాలీ తప్పనిసరి. కంచెలో ఎంత డబ్బు పోసినా చివరికి జంతువు దూరేది ఈ రెండు చోట్ల నుంచే.

సోలార్ కంచె మంచిదే, కానీ దాని అసలు పని తెలుసుకుని వేయాలి. అందులో కరెంటు ఆగకుండా పారదు. దాదాపు సెకనుకొకసారి, క్షణకాలం మాత్రమే తాకుతుంది. జంతువుకు నొప్పి పుడుతుంది, ప్రాణం పోదు. ముళ్లపంది వీపు మీది ముళ్లకు షాక్ తగలదు, ముక్కుకే తగలాలి. కాబట్టి మొదటి తీగ నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. ఆ ఎత్తులో గడ్డి తగిలితే కరెంటు అటు కారిపోతుంది. వేసవిలో మెట్ట నేల ఎండితే ఎర్తింగ్ బలహీనపడుతుంది. అప్పుడు ఎర్త్ రాడ్ల దగ్గర నీళ్లు పోయాలి, టెస్టర్‌తో వారానికోసారి చూసుకోవాలి. ఈ పని చేసే ఓపిక లేకపోతే మెష్ కంచే మేలు.

పాత చీరలు, మనిషి వెంట్రుకలు, ఘాటు వాసనలు కొన్నాళ్లు పనిచేస్తాయి. వాన పడితే వాసన పోతుంది, అడవిపంది అలవాటు పడితే చీర కింద నుంచే వస్తుంది. కోతకు ముందు కొద్దిరోజుల కాపలాకు వాటిని వాడుకోవచ్చు, కంచెకు బదులుగా కాదు.

ఇంటి కరెంటును తీగలకు కలపడం మాత్రం మనిషిని చంపే పని. చీకట్లో బహిర్భూమికి వెళ్లే మనిషికి, మేతకొచ్చిన గేదెకు, మన ఇంట్లో పిల్లవాడికి ఆ తీగ తేడా చూపదు. అది నేరం కూడా. ఉచ్చులు, నాటుబాంబులూ అంతే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ రెండు జంతువులనూ వేటాడకూడదు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. నష్టం మితిమీరితే అటవీశాఖ అధికారికి అర్జీ పెట్టుకోవాలి, నిర్ణయం వాళ్లే తీసుకోవాలి.

జంతువు పెరట్లోనే ఎదురుపడితే గేటు తెరిచి పక్కకు తప్పుకోండి. మూలకు చిక్కినప్పుడూ, పిల్లలతో ఉన్నప్పుడూ అడవిపంది తిరగబడుతుంది. కుక్కను ఉసిగొల్పవద్దు. ముళ్లపంది ముళ్లను విసురుతుందన్నది అపోహ. అది వెనక్కి దూసుకొచ్చి గుచ్చుతుంది, ఆ ముళ్లు కుక్క మూతిలో విరిగిపోతాయి. వాటిని పశువైద్యుడి చేతనే తీయించండి. మనిషిని జంతువు కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. దూరి వెళ్లిన చోటును ఆ రోజే మూసేయండి. రుచి మరిగిన జంతువు మరుసటి రాత్రి మళ్లీ అక్కడికే వస్తుంది.